యాక్సిలరేటర్ సీటు వద్దనాలా: 7 శాతం వాటా, డెలావేర్ షరతు, మూడు నెలల మకాం

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో రిజిస్టరైన ప్రైవేట్ లిమిటెడ్, 18 నెలలైంది. ఇద్దరం ఫౌండర్లం, చెరి సగం వాటా, ఐదుగురు స్టాఫ్. మిర్యాలగూడ వైపు 14 రైస్ మిల్లులకి ధాన్యం తేమ, నూకల శాతం చూపించే సెన్సార్లు, సాఫ్ట్‌వేర్ ఇస్తున్నాం. ఏడాదికి 55 లక్షల ఆదాయం. ఒక అమెరికా యాక్సిలరేటర్ అక్టోబర్ బ్యాచ్‌లో సీటు ఇచ్చింది. 1,25,000 డాలర్లకి 7 శాతం, ఇంకో 3,75,000 డాలర్లు క్యాప్ లేని సేఫ్. కంపెనీని అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో రిజిస్టరైన కంపెనీ కిందకి మార్చాలి, ఇద్దరం మూడు నెలలు శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండాలి. ఏంజెల్ ఇన్వెస్టర్లు 36 కోట్ల క్యాప్ మీద ఇస్తామంటున్నారు. మాకు 18 నెలలకి కోటిన్నర చాలు. సీటు వదులుకుంటే తప్పు చేసినట్టా? వద్దని ఎలా చెప్పాలి?

సమాధానం:

మీరు ఇచ్చిన వివరాలతో చూస్తే వద్దనడమే సరి. కాకపోతే మీరు భయపడుతున్న 7 శాతం ఇక్కడ అసలు కారణం కాదు. మీ విషయంలో ఎక్కువ ఖరీదైనవి రెండున్నాయి. ఒకటి ఆ క్యాప్ లేని రెండో సేఫ్, రెండోది కంపెనీని డెలావేర్ కిందకి మార్చడం. మకాం సంగతి మూడోది. దాన్ని అడిగి కొంత సర్దుకోవచ్చు, మొదటి రెండింటినీ సర్దుకోలేరు.

ఈ షరతులు మీ కోసం ప్రత్యేకంగా రాసినవి కావు. 2022 జనవరిలో వై కాంబినేటర్ ప్రకటించిన ప్రామాణిక ఒప్పందం ఇదే రూపంలో ఉంటుంది. బ్యాచ్‌లో అందరికీ ఒకే షరతులు కాబట్టి "7ని 5 చేయండి" అని బేరమాడితే ఫలితం ఉండదు. ఆ ప్రయత్నం మీద వారం వృథా చేయకండి.

ముందు వాటా లెక్క. సేఫ్ అంటే ఇప్పుడు డబ్బు తీసుకుని, తర్వాత ధర తేలే రౌండ్‌లో షేర్లు ఇస్తామన్న ఒప్పందం. మొదటి భాగం సూటిగానే ఉంది. 1,25,000 డాలర్లకి 7 శాతం అంటే కంపెనీకి దాదాపు 17.86 లక్షల డాలర్ల విలువ కట్టినట్టు. లెక్క సులువుగా ఉండటానికి డాలర్‌ని 90 రూపాయలు అనుకుందాం. అప్పుడది సుమారు 16 కోట్లు.

రెండో భాగానికి క్యాప్ ఉండదు, అంటే డబ్బుని షేర్లుగా మార్చేటప్పుడు కట్టే కంపెనీ విలువకి పై హద్దు ఉండదు. దాని బదులు ఎంఎఫ్ఎన్ అనే నిబంధన ఉంటుంది. ధర తేలే రౌండ్ వచ్చేలోపు మీరు ఇంకెవరికైనా సేఫ్ లాంటి కన్వర్టిబుల్ పత్రం ఇస్తే, అందులో అన్నిటికన్నా మంచి షరతులు ఏవో వాటినే వీళ్లూ తీసుకోవచ్చు. అంటే ఈ 3,75,000 డాలర్లకి ఎంత వాటా పోతుందో ఇవాళ మీకు తెలియదు. ఆ తర్వాత మీరు ఎంత తక్కువ క్యాప్ మీద డబ్బు తీసుకుంటారో దాన్నిబట్టి అది తేలుతుంది.

సిలికాన్ వ్యాలీలోనే తర్వాతి డబ్బు కూడా ఎత్తేవాళ్లకి ఇది పెద్ద భారం కాదు. కోటి డాలర్ల క్యాప్ మీద తర్వాతి సేఫ్ అమ్మారనుకోండి, రెండో భాగానికి పోయేది 3.75 శాతం. మొత్తం 10.75 శాతం. మీ సంగతి వేరు. మీకు డబ్బిచ్చేవాళ్లు ఇక్కడివాళ్లు, ఇక్కడి విలువలు కడతారు. 36 కోట్లంటే 40 లక్షల డాలర్లు. ఆ క్యాప్ మీద ఏంజెల్స్‌కి ఒక్క సేఫ్ ఇచ్చినా యాక్సిలరేటర్ రెండో భాగం 3,75,000ని 40,00,000తో భాగించినంత, అంటే 9.375 శాతం అవుతుంది. 7తో కలిపితే 16.375 శాతం. "7 శాతమే కదా" అనుకుని సంతకం చేసిన ఫౌండర్లకి రౌండ్ దగ్గర ఎవరికెంత వాటా అన్న క్యాప్ టేబుల్ వేసుకున్నప్పుడు కనిపించే అంకె ఇదే.

దీన్ని ఇంకోలా కూడా చూడండి, న్యాయంగా ఉంటుంది. యాక్సిలరేటర్ మొత్తం ఇచ్చేది 5 లక్షల డాలర్లు, అంటే 4.5 కోట్లు. అదే 4.5 కోట్లు ఏంజెల్స్ దగ్గర 36 కోట్ల క్యాప్ మీద తీసుకుంటే పోయేది 12.5 శాతం. తేడా సుమారు 3.9 శాతం. ఆ పేరు, ఆ పరిచయాలు, బ్యాచ్ చివర ఇన్వెస్టర్ల ముందు నిలబెట్టే డెమో డేకి మీరు చెల్లించే ధర అది. అమెరికాలో కస్టమర్లున్న కంపెనీకి ఆ 3.9 శాతం చాలా చవక. మిర్యాలగూడలో 14 మిల్లులున్న కంపెనీకి ఆ పరిచయాల్లో ఎన్ని పనికొస్తాయో మీరే రాసుకోండి.

పైగా మీకు 4.5 కోట్లు అక్కర్లేదంటున్నారు. కోటిన్నర 36 కోట్ల క్యాప్ మీద తీసుకుంటే పోయేది 4.17 శాతం. అసలు పోల్చాల్సింది ఇది: ఒక వైపు 4.17, ఇంకో వైపు 16.375. అక్కర్లేని మూడు కోట్లు చేతిలో ఉంటే వాడుకోవచ్చులే అనిపిస్తుంది. కానీ సెన్సార్ కంపెనీలో అది సాధారణంగా అమ్ముడుపోని స్టాక్‌గానో, తొందరపడి తీసుకున్న ఉద్యోగాలుగానో తేలుతుంది.

ధర తేలే రౌండ్ వరకూ లాగి చూస్తే ఇలా ఉంటుంది. సీటు తీసుకుని, ఏంజెల్స్ దగ్గర ఇంకో 3 కోట్లు కూడా తీసుకున్నారనుకుందాం. యాక్సిలరేటర్‌కి 16.375, ఏంజెల్స్‌కి 8.33 పోగా మీ ఇద్దరికీ మిగిలేది 75.3 శాతం. ఆ రౌండ్‌లో కొత్త ఇన్వెస్టర్‌కి 20, ఉద్యోగుల పూల్‌కి కొత్తగా 10 శాతం పెడితే అది 52.7కి దిగుతుంది. సీటు వద్దని కోటిన్నరతో అదే రౌండ్ వరకూ వెళ్తే మీకు మిగిలేది 67 శాతం. ఈ రెండో దారిలో రౌండ్ ఆలస్యం కావచ్చు, విలువ తక్కువ పలకొచ్చు. అది నిజమైన రిస్కే. కానీ దాన్నీ అంకెల్లో పెట్టి చూసుకోవాలి తప్ప పేరు పోతుందన్న భయంతో కాదు.

ఇప్పుడు డెలావేర్. ఇది మిగతావాటికన్నా బరువైనది, ఎందుకంటే చేసేశాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం.

ఇలాంటి యాక్సిలరేటర్లు ఇండియన్ ప్రైవేట్ లిమిటెడ్‌లో నేరుగా డబ్బు పెట్టవు. పైన విదేశీ కంపెనీ ఉండాలి, దాని కింద మీ హైదరాబాద్ కంపెనీ నూటికి నూరు శాతం అనుబంధ కంపెనీగా మారాలి. వాడుకలో దీన్నే ఫ్లిప్ అంటారు. వై కాంబినేటర్ అయితే సింగపూర్, కేమన్ కంపెనీలనీ అంగీకరిస్తుంది. కానీ కింద చెప్పే చిక్కులు సింగపూర్‌కి మారినంత మాత్రాన తీరవు.

మొదటి చిక్కు పన్ను. మీ హైదరాబాద్ కంపెనీ షేర్లు విదేశీ కంపెనీకి ఇచ్చి, బదులుగా దాని షేర్లు తీసుకోవడం మన ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో అమ్మకమే. చేతికి రూపాయి రాకపోయినా లాభం మీద పన్ను కట్టాలి. లిస్ట్ కాని షేర్లు 24 నెలలు దాటి ఉంచుకుంటే 12.5 శాతం, దాటకపోతే మీ శ్లాబు. మీవి 18 నెలలే. వాల్యుయేషన్ 8 కోట్లు తేలిందనుకుంటే, 30 శాతం శ్లాబులో మీ ఇద్దరి మీదా కలిపి దాదాపు 2 కోట్ల 40 లక్షల పన్ను, సర్‌ఛార్జీ, సెస్ కాకుండా. 24 నెలలు నిండాక అయితే అదే విలువకి కోటి.

విలువ తక్కువ చూపించి తప్పించుకోవచ్చని కొందరు సలహాదారులు చెప్తారు. విదేశీ కంపెనీకి షేర్లు బదిలీ చేసేటప్పుడు మన విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం ధర మార్కెట్ విలువకన్నా తగ్గకూడదు. దానికి సర్టిఫికెట్ కావాలి, ఆ తర్వాత ఎఫ్‌సీ-టీఆర్‌ఎస్ ఫారం 60 రోజుల్లో వేయాలి. అదే నెలలో 16 కోట్ల లెక్కన సేఫ్ మీద సంతకం చేసి, కంపెనీ విలువ కోటి రూపాయలేనని రిపోర్టు పెడితే పన్ను అధికారి ముందు అది నిలబడటం కష్టం. షేర్లు వదిలేసి సాఫ్ట్‌వేర్ హక్కులు, కాంట్రాక్టులు మాత్రమే కొత్త కంపెనీకి రాసిచ్చే దారి కూడా ఉంది. దానికీ విలువ కట్టాలి, దానికీ పన్ను ఉంటుంది.

రెండో చిక్కు గురించి చాలామందికి సంతకాల దాకా తెలియదు. 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ నిబంధనల ప్రకారం, ఇండియాలో నివసించే వ్యక్తికి ఒక విదేశీ కంపెనీ మీద నియంత్రణ ఉంటే, ఆ కంపెనీ కింద ఇంకో అనుబంధ కంపెనీ ఉండేలా అతను పెట్టుబడి పెట్టకూడదు. ఫ్లిప్ అయ్యాక మీ ఇద్దరి పరిస్థితి సరిగ్గా అదే. డెలావేర్ కంపెనీ మీ నియంత్రణలో ఉంటుంది, దాని కింద హైదరాబాద్ కంపెనీ ఉంటుంది. ఫౌండర్ ఒకరు అమెరికాలో నివాసిగా ఉన్నవాళ్లకి దారి కొంత సులువు. మూడు నెలలకి వెళ్లొచ్చే మీకు అలా కాదు. మీ అకౌంటెంట్ "అందరూ చేస్తున్నారు కదా" అంటే ఆగి, ఫెమా మీదే పనిచేసే లాయర్ దగ్గర రాతపూర్వకంగా అభిప్రాయం తీసుకోండి. ఆ కాగితం లేకుండా ఫ్లిప్ చేసిన కంపెనీలకి చిక్కు తర్వాతి రౌండ్‌లో, ఇన్వెస్టర్ లాయర్ తనిఖీ చేసేటప్పుడు బయటపడుతుంది.

తిరిగి రావాలంటే ఎంతవుతుందో పబ్లిక్ రికార్డులోనే ఉంది. గ్రో కంపెనీ వై కాంబినేటర్ 2018 వింటర్ బ్యాచ్‌లోది. అమెరికాలో ఉన్న మాతృ కంపెనీని ఇండియాకి తెచ్చుకోవడానికి కట్టిన పన్ను సుమారు 1,340 కోట్లు. వాళ్లది పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుని, 2025 నవంబర్‌లో ఇక్కడే లిస్టయింది. మీ కస్టమర్లు, ఆదాయం, రేపు కొనే కంపెనీ అన్నీ ఇక్కడివే అయితే మీకూ ఎప్పుడో ఒకప్పుడు ఆ తిరుగు ప్రయాణం తప్పదు.

మకాం. అక్టోబర్ నుంచి డిసెంబర్ అంటే వానాకాలం ధాన్యం మిల్లులకి వచ్చే కాలం. తేమ ఎక్కువున్న ధాన్యం, డ్రయ్యర్ల దగ్గర లారీల క్యూ, మీ సెన్సార్ తప్పు చూపిస్తే వెంటనే ఫోను. ప్రభుత్వ కస్టమ్ మిల్లింగ్‌లో క్వింటాల్ ధాన్యానికి 67 కిలోల పచ్చి బియ్యం అప్పగించాల్సిన మిల్లర్‌కి నూకల శాతం ఒక్క పాయింట్ పెరిగినా నష్టమే. ఆ మూడు నెలలూ ఇద్దరు ఫౌండర్లూ పన్నెండున్నర, పదమూడున్నర గంటల తేడాలో ఉంటే, 14 మిల్లుల్లో మూడు నాలుగు వచ్చే సీజన్‌కి రెన్యూవల్ చేయకపోవచ్చు.

వీసా సంగతి కూడా ముందే చూసుకోండి. మామూలు బీ-1 వీసా మీద మీటింగులకి వెళ్లొచ్చు, ఒప్పందాలు మాట్లాడుకోవచ్చు. అక్కడ కూర్చుని రోజూ కోడ్ రాయడం, జీతం తీసుకోవడం అందులోకి రావు. ప్రోగ్రాం వాళ్లిచ్చే ఆహ్వాన లేఖ వీసాకి హామీ కాదు. ఇద్దరిలో ఒకరికే వీసా వస్తే ఏంటన్నది కూడా సీటు ఒప్పుకునే ముందే అడగాల్సిన ప్రశ్న.

అందుకే వద్దనే ముందు ఒక్క మెయిల్‌లో రెండు విషయాలు అడగండి: జనవరి–మార్చి బ్యాచ్‌కి మార్చగలరా, ఒక ఫౌండర్ మాత్రమే పూర్తికాలం ఉంటే సరిపోతుందా. వాటా గురించి అడగొద్దు. జనవరి మీకు రెండు పంటల మధ్య కాలం, యాసంగి ధాన్యం ఏప్రిల్‌కి గానీ రాదు. రెండింటికీ వాళ్లు ఒప్పుకుంటే మకాం అడ్డంకి తీరినట్టే. అప్పుడు రెండో సేఫ్ భారం కాక మిగిలేది డెలావేర్ ప్రశ్న, దాని జవాబు ఫెమా లాయర్ అభిప్రాయంలో ఉంటుంది. నా అంచనా ప్రకారం మీకు అది అనుకూలంగా రాదు.

వద్దని చెప్పే పద్ధతి. ఇందులో సమయమే ముఖ్యం. సేఫ్ మీద సంతకం కాకముందు వద్దనడం ఒక మెయిల్‌తో అయిపోతుంది. సంతకమై డబ్బు ఖాతాలో పడ్డాక అది ఒప్పందం రద్దు. రెండు వైపులా ఒప్పుకోవాలి, డబ్బు తిరిగి పంపాలి, రద్దు పత్రం రాసుకోవాలి. కొందరు "ముందు ఒప్పుకుందాం, తర్వాత చూద్దాం" అని డెలావేర్ కంపెనీ ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయించేస్తారు. తర్వాత వెళ్లకపోయినా దానికి ఏటా ఫ్రాంచైజ్ ట్యాక్స్, అమెరికా పన్ను ఫారాలు, ఇక్కడి ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల వివరాలు తప్పవు. వద్దనుకుంటున్నారు కాబట్టి ఆ అడుగు అసలు వేయకండి.

మీ ఇద్దరిలో ఒకరికి మనసులో వెళ్లాలని ఉంటే అది మెయిల్ పంపకముందే తేలాలి. డైరెక్టర్ల బోర్డు మీటింగ్ మినిట్స్‌లో ఆఫర్ షరతులు, కారణాలు, ఇద్దరి అంగీకారం రెండు పేరాల్లో రాసుకోండి. ఏడాది తర్వాత డబ్బు అయిపోయే దశలో "నేను అప్పుడే వెళ్దామన్నాను" అన్న గొడవ వచ్చినప్పుడు ఆ కాగితం అవసరమవుతుంది.

మెయిల్ ఇంటర్వ్యూ చేసిన పార్ట్‌నర్‌కి నేరుగా వెళ్లాలి, గడువు ఇంకా రెండు మూడు రోజులుండగానే. ఆ సీటు ఇంకో కంపెనీకి ఇవ్వడానికి వాళ్లకి ఆ సమయం కావాలి. మీరు ఇంగ్లీషులో రాస్తారు కాబట్టి సారం చెప్తాను. "సీటు ఇచ్చినందుకు, ఇంటర్వ్యూలో మీరు వెచ్చించిన సమయానికి కృతజ్ఞతలు. ఈ బ్యాచ్‌లో చేరలేకపోతున్నాం. మా ఆదాయమంతా తెలంగాణ రైస్ మిల్లుల నుంచి వస్తుంది, అక్టోబర్–డిసెంబర్ మాకు సీజన్, ఇద్దరం ఊరు విడిచి రాలేం. కంపెనీని విదేశీ మాతృ సంస్థ కిందకి మార్చడం ఈ దశలో మాకు పన్నుపరంగా, ఫెమాపరంగా సరిపడదు. ఈ పరిస్థితులు మారితే మళ్లీ దరఖాస్తు చేస్తాం." అంతే, ఐదారు వాక్యాలు. వాటా ఎక్కువన్న వాదన పెట్టకండి, పక్క ప్రోగ్రాంతో పోలిక పెట్టకండి. "ఇంకా ఆలోచిస్తున్నాం" అన్న అర్థం వచ్చే మాటలు కూడా వద్దు. అలా రాస్తే వాళ్లు ఫోన్ చేసి ఒప్పించే ప్రయత్నం చేస్తారు, మీ గడువు దాటిపోతుంది.

వద్దన్నాక జరిగే ఒక తప్పు గురించి గట్టిగా చెప్పాలి. ఆ సీటు పేరు చెప్పి ఏంజెల్స్ దగ్గర క్యాప్ పెంచుకోవడానికి "మేం ఎంపికయ్యాం" అని ప్రెజెంటేషన్‌లో పెడతారు. ఎవరైనా అడిగితే "ఆఫర్ వచ్చింది, ఫలానా కారణాలతో తీసుకోలేదు" అనడం నిజం. అది కూడా ఆఫర్ లేఖలో గోప్యత షరతు లేకపోతేనే. బ్యాచ్‌లో ఉన్నట్టు ధ్వనించేలా రాస్తే తప్పుడు సమాచారంతో డబ్బు ఎత్తినట్టవుతుంది. ఏంజెల్ ఒక మెయిల్ పెట్టి కనుక్కుంటే చాలు, కోటిన్నర కూడా పోతుంది.

ఆ కోటిన్నర తీసుకునేటప్పుడు. మీ ఏంజెల్స్ ఎవరెంత ఇస్తున్నారో చూడండి. తర్వాత షేర్లుగా మారే అప్పు పత్రం, అంటే కన్వర్టిబుల్ నోట్ తీసుకోవాలంటే స్టార్టప్‌గా డీపీఐఐటీ గుర్తింపు ఉండాలి, ఒక్కొక్కరు ఒకే విడతలో కనీసం 25 లక్షలు ఇవ్వాలి. పదేసి లక్షలిచ్చేవాళ్లు నలుగురుంటే నోట్ కుదరదు. అప్పుడు తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు ఇవ్వాలి. ఇక్కడ ఐసేఫ్ అని పిలిచేది కూడా లోపల ఇవే.

దానికి ప్రైవేట్ ప్లేస్‌మెంట్ పద్ధతి పాటించాలి. ముందు ఆఫర్ లేఖ, డబ్బుకి వేరే బ్యాంకు ఖాతా, డబ్బు వచ్చిన 60 రోజుల్లో షేర్ల కేటాయింపు, కేటాయించిన 15 రోజుల్లో పాస్-3 ఫారం. ఆ ఫారం వేసేదాకా ఆ డబ్బు ముట్టుకోకూడదు. సీజన్ ముంచుకొస్తోందని సెన్సార్ల ఆర్డర్‌కి అడ్వాన్స్ ఆ ఖాతాలోంచి కట్టేయడం తరచూ కనిపించే పొరపాటు. దానికి జరిమానా కంపెనీకీ డైరెక్టర్లకీ కూడా పడుతుంది. మీకు అక్టోబర్‌లోపు సెన్సార్లు కావాలంటే, వద్దని మెయిల్ పెట్టిన వారంలోనే ఆఫర్ లేఖలు పంపేలా కంపెనీ సెక్రటరీతో ఇప్పుడే మాట్లాడుకోండి.